స్కానర్, స్వైపింగ్ మిషన్, గల్లాపెట్టె: ఒక షాపు నెల లెక్క

(మండల సమాఖ్య వార్షిక మహాజన సభలో జీవనోపాధుల ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పోయిన ఏడాది గ్రామ సంఘం సమావేశాల్లో షాపులు నడిపే సభ్యులు మమ్మల్ని ఒకే ప్రశ్న అడిగారు. "స్వైపింగ్ మిషన్ పెట్టుకోమని వచ్చి అడుగుతున్నారు. పెట్టుకోవాలా? స్కానర్ చాలదా?" అని. మేము అప్పుడు సరైన జవాబు చెప్పలేకపోయాము. ఒకరం లాభం అన్నాము, ఇంకొకరం నష్టం అన్నాము. లెక్క మాత్రం ఎవరి దగ్గరా లేదు. అందుకని ఈసారి ఒక సభ్యురాలి షాపు దగ్గర కూర్చుని, డిసెంబరు 16 నుంచి జనవరి 15 దాకా, అంటే సంక్రాంతి నెల మొత్తం, రోజువారీ పుస్తకం రాయించాము. ఆ పుస్తకంలో తేలింది మీ ముందు పెడుతున్నాము.

ఆ అక్క తన పేరు చెప్పొద్దంది. అందుకని షాపు అక్క అనే అంటాము. ఆమెది బస్టాపు పక్కన కిరాణా షాపు. ఒక పక్క గాజులు, రిబ్బన్లు, స్టిక్కర్లు లాంటి ఫ్యాన్సీ సామాను కూడా ఉంది. గ్రూపులో బ్యాంక్ లింకేజీ అప్పు తీసుకుని సరుకు పెంచింది. నెల నెలా వాయిదా కట్టాలి. ప్రతి సోమవారం తెల్లవారుజామున టౌనుకి పోయి హోల్‌సేల్‌లో సరుకు తెస్తుంది. ఆ నెల షాపులో జరిగిన అమ్మకం 1,50,000 రూపాయలు. అందులో స్కానర్ మీద వచ్చింది 70,000. మిషన్ మీద కార్డులతో వచ్చింది 12,000. చేతికి నగదుగా వచ్చింది 68,000. సరుకు మీద ఆమెకి సగటున నూటికి పది రూపాయలు మిగులుతుంది. ఈ పది రూపాయలు గుర్తుపెట్టుకోండి. ఏ కోత పడినా ఈ పదిలోంచే పడుతుంది.

మేము మూడింటినీ రెండే రెండు ప్రశ్నలు అడిగాము. వంద రూపాయలు అమ్మితే ఎంత కోత పడింది? మిగిలింది సరుకు కొనడానికి ఎప్పుడు చేతికి వచ్చింది?

ముందు స్కానర్ సంగతి.

యూపీఐ మీద కొనుగోలుదారు డబ్బు కొడితే షాపు నుంచి బ్యాంకు ఫీజు తీసుకోకూడదని 2020 జనవరి 1 నుంచి నియమం ఉంది. రూపే డెబిట్ కార్డుకి కూడా అంతే. కాబట్టి మామూలుగా ఖాతాలోంచి స్కాన్ చేసి పంపిన వంద మనకి వందే వస్తుంది. ఒక్క మెలిక ఉంది. కొందరు తమ రూపే క్రెడిట్ కార్డుని ఫోన్‌లోని యూపీఐకి కలుపుకుని స్కాన్ చేస్తారు. చిన్న షాపుల్లో రెండు వేల లోపు బిల్లుకి దాని మీద కూడా ఫీజు లేదు. రెండు వేలు దాటితే పడవచ్చు. షాపు అక్కకి ఆ నెలలో అలాంటి బిల్లు ఒక్కటీ రాలేదు.

మరి స్కానర్ ఉచితమేనా అంటే, అట్ట మీద అంటించిన కాగితం వరకు ఉచితం. పక్కన అరిచే సౌండ్ బాక్స్‌కి అద్దె ఉంది. ఈమె బాక్స్‌కి నెలకి 100 రూపాయలు, దాని మీద జీఎస్టీ 18 రూపాయలు, మొత్తం 118. అది ఎవరూ వచ్చి అడగరు, వచ్చే డబ్బులోంచే కోసుకుంటారు. అందుకే చాలామందికి కోత పడుతున్నట్టు కూడా తెలియదు. 70,000 అమ్మకం మీద 118 అంటే వందకి 17 పైసలు. స్కానర్ కోత ఇంతే.

ఇక స్వైపింగ్ మిషన్.

మిషన్‌కి రెండు రకాల ఖర్చు ఉంటుంది. ఒకటి అద్దె. అమ్మకం ఉన్నా లేకపోయినా కట్టాలి. ఈమె మిషన్ అద్దె నెలకి 400, జీఎస్టీ 72, మొత్తం 472. రెండోది, కార్డు గీకిన ప్రతిసారీ పడే ఫీజు. అది ఏ కార్డు గీకారనే దాన్ని బట్టి మారుతుంది.

రూపే డెబిట్ కార్డుకి ఫీజు లేదు. మిగతా డెబిట్ కార్డులకి రిజర్వు బ్యాంకు హద్దు పెట్టింది. ఏడాదికి 20 లక్షల లోపు అమ్మకం ఉన్న షాపుకి, మిషన్ మీద గీకితే వందకి 40 పైసలు మించకూడదు. ఇది 2018 జనవరి నుంచి ఉంది. క్రెడిట్ కార్డుకి అలాంటి హద్దు లేదు. బ్యాంకుతో రాసుకున్న ఒప్పందంలో ఎంత ఉంటే అంత. ఈమె ఒప్పందంలో వందకి 2 రూపాయలు రాసి ఉంది. ఆమె సంతకం పెట్టింది గానీ ఆ అంకె చదవలేదు. మేము అడిగినప్పుడే కాగితం బయటకి తీసింది.

ఆ నెల కార్డుల మీద వచ్చిన 12,000 ని మేము విడదీశాము. రూపే డెబిట్ 2,000, ఫీజు సున్నా. వేరే డెబిట్ కార్డులు 5,000, ఫీజు 20 రూపాయలు. క్రెడిట్ కార్డులు 5,000, ఫీజు 100 రూపాయలు. మొత్తం ఫీజు 120. ఒక్కో బిల్లు రెండు వేల లోపే గనుక బ్యాంకు తీసుకునే ఈ ఫీజు మీద జీఎస్టీ పడలేదు. అద్దె 472, ఫీజు 120 కలిపితే 592 రూపాయలు. 12,000 మీద 592 అంటే వందకి 4 రూపాయల 93 పైసలు. ఆమెకి వంద మీద మిగిలేదే పది. అందులో సగం మిషన్ తినేసింది.

చూడండి, ఇక్కడ ఎక్కువ తిన్నది ఫీజు కాదు, అద్దె. ఫీజు వందకి ఒక్క రూపాయే. మిషన్ పెట్టేవాళ్లు వచ్చినప్పుడు మనం ఫీజు ఎంత అని అడుగుతాము, వాళ్లు "చాలా తక్కువ అమ్మా" అంటారు. అది అబద్ధం కాదు. కానీ తక్కువ అమ్మకం ఉన్న షాపుని ముంచేది అద్దే.

అయినా "మిషన్ ఉండబట్టే కదా ఆ 12,000 అమ్మకం వచ్చింది, 1,200 మిగిలింది, 592 పోయినా 608 లాభమే కదా" అని మాలోనే ఒకరు అడిగారు. మంచి ప్రశ్న. దానికి జవాబు కోసం షాపు అక్క చేత ఒక పని చేయించాము. ఎవరైనా కార్డు తీస్తే, "ఫోన్‌లో కొట్టగలరా అండీ, లేకపోతే నగదు ఉందా?" అని మర్యాదగా అడగమన్నాము. ఉంది అంటే పుస్తకంలో ఒక గీత. లేదు, కార్డు తీసుకోకపోతే వెళ్లిపోతాను అంటే సున్నా. ఎలా చెప్పినా కార్డే గీకించుకోమన్నాము, ఎవరినీ ఇబ్బంది పెట్టొద్దన్నాము.

నెల చివర గీతల బిల్లులు కూడితే 8,000 వచ్చింది. సున్నాల బిల్లులు 4,000. అంటే మిషన్ లేకపోయినా 8,000 ఎలాగూ షాపుకి వచ్చేదే. మిషన్ తెచ్చిన కొత్త అమ్మకం 4,000 మాత్రమే. దాని మీద మిగిలింది 400. మిషన్‌కి పోయింది 592. ఆ నెల మిషన్ వల్ల 192 రూపాయలు చేతినుంచి పడ్డాయి. అదీ పండగ నెలలో.

మరి ఎంత కొత్త అమ్మకం వస్తే మిషన్ గిట్టుతుంది? అదీ లెక్క కట్టాము. అద్దె 472. ఎలాగూ వచ్చే 8,000 కార్డు మీదకి మారడం వల్ల పోయే ఫీజు 80. రెండూ కలిపి 552. కొత్తగా వచ్చే ప్రతి వంద మీద ఆమెకి మిగిలే పదిలో ఫీజు ఒక రూపాయి పోతే తొమ్మిది. 552 ని తొమ్మిదేసి చొప్పున పూడ్చాలంటే దాదాపు 6,100 రూపాయల కొత్త అమ్మకం కావాలి. ఆమెకి వచ్చింది 4,000. అదే చీరల షాపు నడిపే అక్కకి వంద మీద ఇరవై మిగిలితే, ఇదే ఖర్చుకి 2,900 కొత్త అమ్మకం వచ్చినా చాలు. ఒక్క రెండు చీరలు కార్డు వల్లే అమ్ముడైతే మిషన్ నిలబడుతుంది. కాబట్టి మిషన్ మంచిదా చెడ్డదా అని అడగకండి. మీ షాపులో సున్నాలు ఎన్ని పడతాయో ఒక నెల రాసి చూడండి.

ఇప్పుడు నగదు.

నగదుకి కోత ఏముంటుంది, వంద ఇస్తే వందే కదా అని మేమూ అనుకున్నాము. పుస్తకం వేరేగా చెప్పింది. ఆ నెల వచ్చిన 68,000 లో 40,000 నగదు గల్లాపెట్టెలోంచి నేరుగా హోల్‌సేల్ షాపుకి, పాలవాడికి, కూరగాయల బండికి పోయింది. దానికి ఖర్చేమీ లేదు. మిగతా 28,000 మాత్రం బ్యాంకులో వేయాల్సి వచ్చింది. గ్రూపు అప్పు వాయిదా ఖాతాలోంచే పోతుంది, ఒక కంపెనీ సరుకు ఏజెంటు ఖాతాకి పంపితేనే సరుకు దించుతాడు.

బ్యాంకుకి నెలలో నాలుగు సార్లు వెళ్లింది. బస్సు వేళలు కుదరక షేర్ ఆటోలో పోయి రావడానికి 40 రూపాయలు. వెళ్లిన ప్రతిసారీ షాపు రెండు గంటలు మూత. రెండు గంటల్లో సుమారు 700 అమ్మకం, దాని మీద 70 మిగిలేది. సగం మంది మళ్లీ వస్తారనుకుని నష్టం 35 అని వేశాము. అంటే ఒక్క ప్రయాణానికి 75, నాలుగింటికి 300. పైగా నెలంతా కలిపి గల్లాపెట్టెలో 110 రూపాయలు తక్కువ వచ్చాయి. చిల్లర ఎక్కువిచ్చినవో, లెక్క తప్పినవో, ఆమెకే తెలియదు. మొత్తం 410. 68,000 మీద వందకి 60 పైసలు.

కానీ ఈ 60 పైసల సగటు మనల్ని మోసం చేస్తుంది. నేరుగా ఖర్చయిన నగదుకి ప్రయాణం ఖర్చు లేదు. బ్యాంకు దాకా మోసిన 28,000 మీదే ఆ 300 పడింది. అంటే మోసిన ప్రతి వందకీ రూపాయి ఏడు పైసలు. కాబట్టి నగదుతో నేర్చుకున్నది ఇది: వచ్చిన నగదుని ముందు సరుకుకి వాడెయ్యాలి, ఖాతాలోంచి కట్టాల్సినవి స్కానర్ మీద వచ్చిన డబ్బుతో కట్టాలి. షాపు అక్క దీనికి తలకిందులుగా చేస్తోంది. ఖాతాలో డబ్బు ఉంటే "అది పొదుపు, కదపకూడదు" అని హోల్‌సేల్ వాడికి కొంత ఫోన్‌లో కొట్టి, గల్లాలో నగదు మిగలబెట్టి, మళ్లీ దాన్ని మోసుకుని బ్యాంకుకి పోయేది.

ఇక రెండో ప్రశ్న. డబ్బు ఎప్పుడు చేతికి వచ్చింది? అసలు దెబ్బ ఇక్కడే తగిలింది.

సంక్రాంతి ముందు వారం. శుక్రవారం నుంచి షాపు కిటకిటలాడింది. ఆ శనివారం రెండో శనివారం, బ్యాంకులకి సెలవు. సోమవారం తెల్లవారుజామున టౌనుకి పోయి పండగ సరుకు, ముఖ్యంగా గాజులు, ముగ్గు రంగులు తేవాలి. దానికి 24,000 కావాలి. మూడు రోజులు బ్రహ్మాండంగా అమ్మింది, డబ్బుకి లోటుండదనుకుంది.

ఆదివారం రాత్రి కూర్చుని చూసుకుంటే గల్లాలో 9,000. ఖాతాలో 10,500. రెండూ కలిపి 19,500. ఇంకా 4,500 తక్కువ. "రోజంతా డబ్బా అరుస్తూనే ఉంది కదమ్మా, డబ్బులు ఎక్కడికి పోయాయి?" అని మాకు ఫోన్ చేసింది.

డబ్బు ఎక్కడికీ పోలేదు. దారిలో ఉంది. ఆదివారం స్కానర్ మీద వచ్చిన 3,800 ఇంకా ఖాతాకి చేరలేదు. శుక్ర, శని, ఆదివారాల్లో మిషన్ మీద గీకిన 6,200 కూడా చేరలేదు. మొత్తం 10,000 ఆమె డబ్బే, కానీ ఆమె చేతిలో లేదు.

స్కానర్ డబ్బు ఎందుకు ఆగిందంటే, స్కానర్లు రెండు రకాలు. ఒక రకంలో కొనుగోలుదారు కొట్టగానే డబ్బు నేరుగా మన బ్యాంకు ఖాతాలో పడుతుంది. రెండో రకంలో డబ్బు ముందు స్కానర్ పెట్టిన కంపెనీ దగ్గరికి పోతుంది. వాళ్లు రోజంతా వచ్చింది కూడి, అద్దె ఉంటే కోసుకుని, మర్నాడు ఒక్క మొత్తంగా మన ఖాతాకి పంపుతారు. డబ్బా మాత్రం రెండు రకాల్లోనూ ఒకేలా అరుస్తుంది. డబ్బా అరిచిందంటే కొనుగోలుదారు కట్టాడని అర్థం, మన ఖాతాలో పడిందని కాదు. షాపు అక్కది రెండో రకం. ఆ 3,800 సోమవారం పది దాటాక పడింది. అప్పటికి ఆమె హోల్‌సేల్ షాపులోంచి బయటికి వచ్చేసింది.

మీ స్కానర్ ఏ రకమో తెలుసుకోవడం చాలా తేలిక. బ్యాంకు నుంచి మీకు వచ్చే మెసేజీలు చూడండి. ప్రతి అమ్మకానికీ వెంటనే ఒక మెసేజ్ వస్తుంటే మొదటి రకం. రోజుకి ఒక్కటే పెద్ద మొత్తం పడుతుంటే రెండో రకం. మెసేజ్ రాకపోతే పాస్‌బుక్ ఎంట్రీ వేయించి చూడండి, అక్కడా ఇలాగే కనిపిస్తుంది.

మిషన్ సంగతి ఇంకోలా ఉంది. ఆమె ఒప్పందం ప్రకారం కార్డు డబ్బు మర్నాడు పని దినాన పడాలి. పని దినం అనే మాట దగ్గర ఆగి చదవండి. శుక్రవారం గీకింది శనివారం రావాలి, కానీ అది రెండో శనివారం. తర్వాత ఆదివారం. కాబట్టి సోమవారం మధ్యాహ్నం వచ్చింది. శని, ఆదివారాలవి మంగళవారం వచ్చాయి. స్కానర్‌కి ఒక రోజు ఆలస్యమైతే మిషన్‌కి మూడు రోజులు పట్టింది. ఎక్కువ అమ్మకం జరిగేది సెలవుల్లోనే, మిషన్ డబ్బు ఆగేదీ సెలవుల్లోనే.

మిషన్‌లో ఇంకో ఆలస్యం మన చేతిలోనే ఉంది. కొన్ని మిషన్లలో రాత్రి షాపు మూసే ముందు సెటిల్‌మెంట్ అనే బటన్ నొక్కి ఆ రోజు లెక్క మూయాలి. నొక్కకపోతే ఆ రోజు డబ్బు కదలదు. డిసెంబరులో ఒక రాత్రి షాపు అక్క అది మర్చిపోయింది, డబ్బు ఒక రోజు ఆలస్యంగా వచ్చింది. కొన్ని మిషన్లు తమంతట తామే మూస్తాయి. మీది ఏదో పెట్టేవాళ్లని అడిగి రాసుకోండి. మూసినట్టు చిన్న కాగితం చీటీ వస్తుంది, దాన్ని పుస్తకంలో అంటించుకుంటే ఏ రోజు డబ్బు రావాలో వెతుక్కోవడం సులువు.

ఆ ఆదివారం రాత్రి ఏం జరిగిందో పూర్తి చేస్తాము. షాపు అక్క పక్క వీధిలో వడ్డీకిచ్చే మనిషి దగ్గర 4,500 తెచ్చింది. నూటికి మూడు రూపాయల వడ్డీ. మంగళవారం సాయంత్రం తిరిగిచ్చేసింది. రెండు రోజులకి లెక్క కడితే వడ్డీ 9 రూపాయలు. కానీ ఆ మనిషి రోజులు లెక్కపెట్టడు. నెల తిరగకపోయినా నెల వడ్డీ తీసుకుంటాడు. 135 రూపాయలు పుచ్చుకున్నాడు.

అప్పు చేయడం తప్పా అంటే ఆ రోజుకి కాదు. 4,500 సరుకు వదిలేసి ఉంటే, ఫ్యాన్సీ సామాను మీద వందకి ఇరవై చొప్పున 900 రూపాయలు పోయేవి. 900 పోవడం కంటే 135 కట్టడం నయం. కానీ ఆ 135 కూడా కట్టాల్సిన పని లేదు. ఆదివారం స్కానర్ డబ్బు 3,800 వెంటనే ఖాతాలో పడి ఉంటే తక్కువయ్యేది 700 మాత్రమే. అది పక్కింట్లో చేబదులు దొరికేది. కాబట్టి ఈ 135 ని ఒక్క మిషన్ మీదే వేయడం న్యాయం కాదు. స్కానర్ వాటా కూడా ఉంది.

ఆలస్యానికి ధర ఇలాగే కట్టాలి. ఆగిన డబ్బు ఎంత అని కాదు, అది ఆగడం వల్ల మనం ఏం చేయాల్సి వచ్చింది అని. బుధవారం 2,000 ఆగితే షాపు అక్కకి ఒక్క పైసా నష్టం లేదు, ఎందుకంటే బుధవారం ఆమె సరుకు కొనదు. ఆదివారం రాత్రి ఆగితేనే నష్టం. మీరు సరుకు తెచ్చుకునే రోజు ఏదో, దాని ముందు రెండు మూడు రోజుల డబ్బు ఎక్కడ ఉంటుందో చూసుకుంటే చాలు.

ఇంకో మాట కూడా చెప్పాలి. చెప్పమని షాపు అక్కే అంది. ఈ స్కానర్ మొదట్లో ఆమె భర్త ఖాతాకి కట్టి ఉండేది. స్కానర్ పెట్టడానికి వచ్చిన కుర్రాడు ఆ సమయానికి షాపులో ఉన్నాయన ఆధార్, ఫోన్ నంబరు తీసుకుని పెట్టేసి పోయాడు. ఆయన ఖాతాలోంచి ప్రతి నెలా బండి ఫైనాన్సు వాయిదా దానంతట అదే కట్ అవుతుంది. ఒక నెల 5వ తేదీన సరుకు కోసం ఉంచుకున్న డబ్బులోంచి ఆ వాయిదా పోయింది. ఆయన దురుద్దేశంతో చేసింది కాదు, ఖాతా ఆయనది, కోత దాని పని అది చేసింది. కానీ రోజంతా నిలబడి అమ్మిన డబ్బు ఎప్పుడు పడింది, ఎంత పడింది అని ఈమె ఆయన్ని అడిగి తెలుసుకోవాల్సి వచ్చేది. ఇంకొకరి ఖాతాలో పడిన డబ్బు వెంటనే పడినా మనకి ఆలస్యంగా వచ్చినట్టే. మీ షాపు స్కానర్ ఎవరి ఖాతాకి కట్టి ఉందో తెలియకపోతే, పది రూపాయలు ఎవరిచేతనైనా కొట్టించి చూడండి. స్కాన్ చేసిన వాళ్ల ఫోన్‌లో ఏ పేరు కనిపిస్తుందో అడగండి, మెసేజ్ ఎవరి ఫోన్‌కి వస్తుందో చూడండి. స్కానర్ మీద రాసిన షాపు పేరు చూసి మోసపోవద్దు.

డబ్బు మధ్యలో ఇరుక్కున్నప్పుడు ఏం చేయాలో కూడా అడిగారు. కొనుగోలుదారు ఖాతాలో డబ్బు కట్ అయింది, మన డబ్బా అరవలేదు, ఫోన్‌లోనూ కనిపించలేదు అనుకోండి. వాళ్లు చూపించే స్క్రీన్ చూసి సరుకు ఇచ్చేస్తే మన నష్టం, ఇవ్వకపోతే గొడవ. రిజర్వు బ్యాంకు నియమం ఏమిటంటే, షాపుకి డబ్బు అందినట్టు కబురు రాకపోతే ఆ డబ్బు లావాదేవీ జరిగిన రోజు తర్వాత అయిదు రోజుల్లోగా కొనుగోలుదారు ఖాతాకి దానంతట అదే తిరిగిపోవాలి. అది దాటితే రోజుకి 100 రూపాయల చొప్పున బ్యాంకు వాళ్లకి పరిహారం ఇవ్వాలి. మిషన్‌లో చీటీ రాకుండా డబ్బు కట్ అయినా ఇదే నియమం. కాబట్టి వాళ్లకి ఇది చెప్పి, ఫోన్‌లో కనిపించే పన్నెండు అంకెల యూటీఆర్ నంబరు, తేదీ, మొత్తం రెండువైపులా రాసుకోండి. తెలిసిన మనిషైతే సరుకు ఇచ్చి అరువు పద్దులో రాయండి, తెలియని వారైతే నగదు అడగండి. షాపు అక్కకి ఆ నెలలో ఇలా రెండుసార్లు జరిగింది. రెండుసార్లూ డబ్బు కొనుగోలుదారుకే తిరిగి వెళ్లింది, వాళ్లు వచ్చి నగదు ఇచ్చి పోయారు.

ఇదంతా చూశాక షాపు అక్క మూడు మార్పులు చేసుకుంది.

మొదటిది, తన పేరున ఖాతా ఉన్న బ్యాంకుకి పోయి, డబ్బు వెంటనే ఖాతాలో పడే స్కానర్ అడిగి పెట్టించుకుంది. పెట్టిన రోజే పది రూపాయలు కొట్టించి, మెసేజ్ వెంటనే వచ్చిందా అని చూసుకుంది. డబ్బా అద్దె దాదాపు అంతే.

రెండోది, ఒప్పందంలో గడువు చూసుకుని మిషన్ తిరిగిచ్చేసింది. తిరిగిచ్చినట్టు రసీదు తీసుకుంది. రసీదు లేకపోతే అద్దె కోత ఆగిందో లేదో మనకి తెలియదు. తర్వాతి రెండు నెలల పాస్‌బుక్ కూడా చూసుకోమన్నాము. చూసుకుంది, కోత ఆగింది. కార్డు తప్ప ఏమీ లేదన్న కొనుగోలుదారులు కొందరు దూరమై ఉంటారు. అది తెలిసే చేసింది. షాపు ముందు ఫ్యాన్సీ సామాను పెరిగి, పెద్ద బిల్లులు వస్తే మళ్లీ లెక్క వేస్తానంది.

మూడోది, ఇప్పుడు సోమవారం సరుకుకి ముందు గల్లా ఖాళీ చేస్తోంది. ఖాతాలో డబ్బు వాయిదాకి, కంపెనీ ఏజెంటుకి ఉంచుతోంది. బ్యాంకు ప్రయాణాలు నాలుగు నుంచి ఒకటికి తగ్గాయి.

గ్రామ సంఘాల బుక్‌కీపర్లకి మేము ఒక పేజీ నమూనా ఇస్తున్నాము. షాపు ఉన్న ప్రతి సభ్యురాలికీ ఒక నెల పాటు రాయించండి. ఆ పేజీలో తేదీ, స్కానర్ అమ్మకం, కార్డు అమ్మకం, నగదు అమ్మకం అని నాలుగు గడులు ఉన్నాయి. అయిదో గడిలో ఆ రోజు డబ్బు ఏ తేదీన ఖాతాలో పడిందో రాయాలి. ఆరో గడిలో కోతలు రాయాలి. కార్డు తీసిన ప్రతి బిల్లు పక్కన గీతో సున్నానో పెట్టాలి. సరుకు తెచ్చే రోజు కింద ఎర్ర పెన్నుతో గీయాలి. అయిదో గడికే ఎక్కువమంది బద్ధకిస్తారు, కానీ షాపు అక్క 10,000 ఎక్కడ ఆగిందో చూపించింది ఆ గడే.

నింపిన పేజీలు మార్చి నెల గ్రామ సంఘం సమావేశానికి తెండి. అక్కడే కూర్చుని కలిసి లెక్క వేద్దాము.